ఫోన్ పక్కన పెట్టాక బిగుసుకుపోకుండా వినడం

"మాట్లాడేటప్పుడు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, కళ్లలోకే చూస్తూ తల ఊపుతున్నాను. అయినా 'ఇంటర్వ్యూలో కూర్చున్నట్టుంది' అంటోంది నా స్నేహితురాలు. ఏం చేయను?"

బోర్లా పెట్టిన ఫోన్ కూడా కనబడుతూనే ఉంటుంది కనుక, అది మోగుతుందేమోనన్న ఎదురుచూపు మీ ఇద్దరిలోనూ మిగిలిపోతుంది. కూర్చోకముందే దాన్ని సైలెంట్‌లో ఉంచి, చేతికి వెంటనే అందని సంచిలో వేయండి. ఆమె ఎదుట, ప్రకటించినట్టుగా మాత్రం వేయకండి. తప్పనిసరి కాల్ రావలసి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

బిగుసుకుపోవడానికి అసలు కారణం, నా అభిప్రాయంలో, మీ ధ్యాస ఆమె మాటల మీద కాక "నేను బాగా వింటున్నట్టు కనిపిస్తున్నానా" అన్న దాని మీద ఉండడమే. చూపు అదే పనిగా నిలపనవసరం లేదు; ఆలోచించేటప్పుడు ఎవరి చూపైనా పక్కకు మళ్లుతుంది, మళ్లనివ్వండి.

ఉదాహరణకు ఆమె "ఉద్యోగం మానేశాను, నాన్నకు ఇంకా చెప్పలేదు" అన్నదనుకోండి. "అవునా, అర్థమైంది" అంటూ తల ఊపితే అది ఎవరికైనా సరిపోయే జవాబే అవుతుంది. ఒక్క క్షణం ఆగి, "ఇంకా" అన్న ఆ మాటనే పట్టుకుని "ఎప్పుడు చెబుదామనుకుంటున్నావు?" అని అడిగితే, నిజంగా విన్నవారు మాత్రమే అడగగల ప్రశ్న అవుతుంది. అయితే ప్రశ్న వెంట ప్రశ్న వేస్తే మళ్లీ ఇంటర్వ్యూలాగే ఉంటుంది కాబట్టి, మధ్యలో మీకు తోచినది కూడా చెప్పండి. ఆమె వాక్యాలు పొట్టివైపోతున్నాయంటే మీ ధ్యాస జారిందేమో గమనించుకోండి; జారితే "క్షమించు, చివరి మాట వినలేదు, మళ్లీ చెప్పు" అని నిజాయితీగా అడగడం, విన్నట్టు నటించడం కన్నా ఎంతో సహజంగా ఉంటుంది.