చంద్రుడి ధ్రువాల దగ్గర ఐస్ ఎలా మిగిలింది?

ప్రశ్న: చంద్రుడి మీద గాలి లేదు, పగలు నూరు డిగ్రీలు దాటి కాలిపోతుంది అంటారు. మళ్ళీ ధ్రువాల దగ్గర గుంటల్లో ఐస్ ఉంది అనీ అంటారు. రెండూ ఎలా కుదురుతాయి? ఆ ఐస్‌ని ఎవరైనా చూశారా?

జవాబు:

టెలిస్కోప్‌లో చంద్రుడి దక్షిణపు అంచు చూడటం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. చంద్రుడు మనకు అటూ ఇటూ కాస్త ఊగుతూ కనిపిస్తాడు. దక్షిణ భాగం మనవైపు వాలిన రోజుల్లో ధ్రువం దగ్గరి కొండల కొనలు వెలుగుతూ, వాటి మధ్య నల్లటి ఖాళీలు కనిపిస్తాయి. పౌర్ణమి నాడు చంద్రుడి నడిభాగంలో నీడలన్నీ మాయమైపోతాయి కానీ, ఈ అంచున నలుపు కొంత మిగిలే ఉంటుంది. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ నలుపులోనే ఉంది.

భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉంది కాబట్టి మన ధ్రువాలకు ఆరు నెలలు ఎండ తగులుతుంది. చంద్రుడి అక్షం వాలు ఒకటిన్నర డిగ్రీలే. అంటే చంద్రుడి ధ్రువం దగ్గర నిలబడితే సూర్యుడు నేలకు దాదాపు ఆనుకునే చుట్టూ తిరుగుతాడు. ఏడాది పొడవునా ఒకటిన్నర డిగ్రీలకు మించి పైకి రాడు. షాకిల్టన్ బిలాన్ని తీసుకుని లెక్క వేయండి. సరిగ్గా దక్షిణ ధ్రువం దగ్గరే ఉంది, వెడల్పు 21 కిలోమీటర్లు, లోతు నాలుగు కిలోమీటర్లకు కొంచెం పైన. సూర్యుడు తన గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు కూడా నాలుగు కిలోమీటర్ల గోడ నీడ సుమారు 150 కిలోమీటర్ల పొడవు పడుతుంది. బిలం వెడల్పేమో 21. ఇక అడుగుకు ఎండ తగిలే మాటే లేదు. తమాషా ఏమిటంటే, అదే బిలం అంచు మీద కొన్ని చోట్ల ఏడాదిలో ఎక్కువ భాగం ఎండే.

అయితే నీడ ఒక్కటే చాలదు. చంద్రుడి మధ్యరేఖ దగ్గర కూడా రాత్రి −170 డిగ్రీలకు పడిపోతుంది. కానీ రెండు వారాల తర్వాత పగలొచ్చి అదే నేల 120 డిగ్రీలకు వేడెక్కుతుంది. గాలి ఒత్తిడి లేదు కాబట్టి అక్కడ ఐస్ కరిగి నీరవదు, నేరుగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరయ్యే వేగం ఉష్ణోగ్రతను బట్టి విపరీతంగా మారుతుంది. −163 డిగ్రీల దగ్గర ఐస్ పొర సుమారు పది సెంటీమీటర్లు తరగడానికి వంద కోట్ల సంవత్సరాలు పడుతుంది. అంతకంటే చల్లగా ఉంటే ఆ నష్టం ఇంకా తక్కువ, కొంచెం వెచ్చగా ఉంటే చకచకా పోతుంది. అందుకే శాస్త్రవేత్తలు ‘ఎండ పడదా’ అనే దగ్గర ఆగరు, ఎదురు గోడ మీద పడి చెదిరిన వెలుగు ఎంత వస్తోంది, అడుగు ఎంత వేడెక్కుతోంది అనేవి కూడా చూస్తారు. వేడిని మోసుకొచ్చే గాలి లేదు, చంద్రుడి లోపలి నుంచి వచ్చే వేడి చాలా స్వల్పం. కాబట్టి లోతైన నీడలు కొన్ని −230 డిగ్రీల దాకా చల్లబడి ఉన్నాయి. ఇది అంచనా కాదు. 2009లో వెళ్ళిన నాసా ఎల్ఆర్ఓ నౌక మీది ‘డివైనర్’ పరికరం కొలిచిన సంగతి.

మరి అక్కడికి నీళ్ళెలా చేరాయి? తోకచుక్కలు, గ్రహశకలాలు ఢీకొన్నప్పుడు కొంత వచ్చి ఉంటుంది. పూర్వపు అగ్నిపర్వతాల నుంచి కొంత, సౌర పవనంలోని హైడ్రోజన్ రాళ్ళలోని ఆక్సిజన్‌తో కలిసి కొంత. ఎక్కడ పుట్టిన నీటి అణువైనా ఎండ నేల మీద నిలవలేదు. నేలను తాకడం, వేడికి మళ్ళీ ఎగరడం, ఇంకెక్కడో పడటం, ఇలా గెంతుతూనే ఉంటుంది. దారిలో చాలా అణువులను సూర్యుడి అతినీలలోహిత కిరణాలు విరగ్గొట్టేస్తాయి. గెంతుతూ గెంతుతూ ఏ చీకటి గుంటలోనో పడినది మాత్రం అక్కడే గడ్డకట్టి ఉండిపోతుంది. 1961లోనే వాట్సన్, మర్రే, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు ఈ వాదన రాశారు, అప్పటికి చంద్రుడి మీద మనిషి అడుగే పెట్టలేదు.

చూశారా అన్నారు కదా. మొదట దొరికింది హైడ్రోజన్ జాడ. కాస్మిక్ కిరణాలు చంద్రుడి నేలను తాకితే న్యూట్రాన్లు బయటికి చిమ్ముతాయి. గోలీ వెళ్ళి బండరాయికి కొట్టుకుంటే అదే వేగంతో వెనక్కి వస్తుంది, ఇంకో గోలీకి తగిలితే వేగం దానికిచ్చి తాను నెమ్మదిస్తుంది. న్యూట్రాన్‌కు సమాన బరువున్న గోలీ హైడ్రోజనే. 1998లో లూనార్ ప్రాస్పెక్టర్ ధ్రువాల మీదుగా తిరుగుతూ మధ్యస్థ వేగంతో వచ్చే న్యూట్రాన్లు తగ్గినట్టు గుర్తించింది. చిక్కేమిటంటే ఈ పద్ధతి హైడ్రోజన్ ఉందని చెబుతుంది గానీ అది నీరో కాదో చెప్పలేదు. పైగా పదుల కిలోమీటర్ల ప్రాంతాన్ని కలిపి సగటు చూపిస్తుంది, పై మీటరు లోతు వరకే. 1999లో ఆ నౌకనే షూమేకర్ బిలంలో కూల్చి చూశారు, నీటి జాడ ఏమీ కనబడలేదు. దాంతో ఏ సంగతీ తేలలేదు.

తేలింది 2009 అక్టోబర్ 9న, కెబియస్ బిలంలో. న్యూట్రాన్ లెక్కలు అక్కడే బాగా తగ్గాయని, చివరి నెలలో లక్ష్యం మార్చి మరీ దాన్ని ఎంచుకున్నారు. ఎల్‌క్రాస్ ప్రయోగంలో రెండు టన్నులకు పైగా బరువున్న ఖాళీ రాకెట్ భాగాన్ని సెకనుకు 2.5 కిలోమీటర్ల వేగంతో ఆ చీకట్లోకి కొట్టారు. నాలుగు నిమిషాల వెనకే వస్తున్న చిన్న నౌక, పైకి లేచిన ధూళి ఎండలోకి రాగానే పరారుణ కాంతిలో దాన్ని చదివి తానూ కూలిపోయింది. లైవ్ చూస్తూ కూర్చున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెద్ద మెరుపు ఏదో వస్తుందని అందరం ఊపిరి బిగబట్టి చూశాం, తెర మీద ఏమీ లేదు. ఉసూరుమనిపించింది. నవంబర్‌లో డేటా విప్పాక తెలిసింది, నీరు దొరికిందని. 2010లో వచ్చిన లెక్క ప్రకారం నీటి ఆవిరి, ఐస్ రేణువులు కలిపి సుమారు 155 కిలోల నీరు పరికరాలకు కనిపించింది. లేచిన మట్టిలో నీటి వాటా బరువు ప్రకారం 5.6 శాతం, అటూ ఇటూ 2.9. అంటే నూటికి మూడు కావచ్చు, ఎనిమిది దాటవచ్చు. ఒక్క చోట కొట్టిన ఒక్క దెబ్బ తాలూకు లెక్క ఇది, దీన్ని తీసుకెళ్ళి మొత్తం ధ్రువానికి హెచ్చవేసి ‘ఇన్ని కోట్ల టన్నులు’ అని ప్రకటించే వార్తలను నేను పెద్దగా పట్టించుకోను.

ఉపరితలం మీద ఐస్ బయటికే కనబడిన చోట్లు కూడా ఉన్నాయి, మన చంద్రయాన్-1 మీది ఎం3 పరికరం డేటాలోనే. గోడల మీంచి చెదిరి నీడలోకి వచ్చిన మసక వెలుగులో ఐస్ గుర్తును 2018లో పట్టుకున్నారు. కానీ ఐస్ నిలవగలిగినంత చల్లటి ప్రాంతంలో అది దొరికింది మూడున్నర శాతం చోట్లే. 2008లో జపాన్ కగుయా నౌక షాకిల్టన్ లోపలికి తొంగిచూస్తే తెల్లటి మంచు పరుపేమీ లేదు. కాబట్టి గడ్డకట్టిన చెరువును ఊహించుకోకండి, మట్టి రేణువులతో కలిసిపోయిన మంచు అనుకుంటే నిజానికి దగ్గర.

ఇంకో పక్క బుధగ్రహం ఉంది. సూర్యుడికి అంత దగ్గరగా ఉండి కూడా దాని ధ్రువాల నీడల్లో మందమైన ఐస్ ఉందని రాడార్, తర్వాత మెసెంజర్ నౌక చూపించాయి. చంద్రుడికి అంత లేకపోవడానికి ఒక కారణంగా చెప్పేది, చంద్రుడి అక్షం ఎప్పుడూ ఇంత నిటారుగా లేదు అని. భూమికి దగ్గరగా ఉన్న పాత కాలంలో అది బాగా వాలి ఉండేది. అప్పుడు ఈ బిలాల్లో చాలావాటి అడుగుకు ఎండ తగిలేది, అంతకు ముందు చేరిన మంచు ఆవిరైపోయి ఉంటుంది. ఇప్పుడున్నది, నీడ శాశ్వతమైన తర్వాత చేరినదే అయి ఉండాలి.