బెలూన్‌లో పట్టే బెంగాలీ

తమ్ముడూ,

నువ్వు పంపిన బెంగాలీ కామిక్ పేజీలు చూశాను. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. కుర్రాడు మామిడి కొమ్మ మీదున్నాడు, కొమ్మ విరగబోతోంది. వాడి నోట నువ్వు పెట్టిన మాట: ‘ఆమి ఎయ్ డాల్‌టార్ ఉపొర్ ఆర్ దాఁడియే థాక్తే పార్ఛి నా, మొనే హొచ్ఛే భేంగే జాబే’. అంటే ‘నేనీ కొమ్మ మీద ఇక నిలబడలేకపోతున్నాను, విరిగిపోతుందనిపిస్తోంది’ అని. బెంగాలీలో పదమూడు మాటలు. వ్యాకరణంలో తప్పు లేదు. కానీ కొమ్మ విరిగేలోపు అంత ఎవరు మాట్లాడగలరు? ఇక్కడ బెంగాల్‌లో పిల్లాడైతే ‘గేలో రే! డాల్‌టా గేలో!’ అంటాడు. మనం ‘పోయింది రా, కొమ్మ పోయింది!’ అన్నట్టే. రెండు చిన్న లైన్లతో మాటల బెలూన్ సరిపోతుంది.

సర్వనామాలు కూడా చాలావరకు తీసెయ్. ‘కొథాయ్ జాచ్ఛిస్?’ అంటే చాలు, ‘తుయ్’ అక్కర్లేదు. ఆ క్రియ చివర్లోనే ‘ఎక్కడికి రా’ అనే చనువు ఉంది. పెద్దాయన్ని అడిగితే ‘జాచ్ఛెన్’ అవుతుంది.

ఇక చప్పుళ్ళు. కుర్రాడు పడ్డచోట ‘ధబేల్’ అని బెంగాలీ అక్షరాల్లో రాశావు. మొదట్లో నేనూ ఇదే చేశాను. అప్పటి ఎడిటర్ ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, ‘ఇదేం చప్పుడు?’ అని పక్కన రాశారు. నారాయణ్ దేబ్‌నాథ్ బొమ్మల కథలు చదివి పెరిగిన పాఠకుడి చెవికి మనిషి పడితే ‘ధపాస్’. చిన్న మూట పడితే ‘ధప్’. కొమ్మ విరిగితే ‘మట్’, పెద్ద చెట్టు కూలుతుంటే ‘మడ్‌మడ్’.

అచ్చు మారితే బరువు మారుతుంది. తలుపు గడియ మెల్లగా కదిలితే ‘ఖుట్’, గట్టిగా పడితే ‘ఖట్’. చటుక్కున జరిగేవాటికి చివర తరచూ ‘త్’ వస్తుంది: నీళ్ళలో పడితే ‘ఛపాత్’, పిట్ట ఎగిరిపోతే ‘ఫుడుత్’. ఆ ‘త్’కి బెంగాలీలో ఖండ-త అని ఒక చిన్న అక్షరమే ఉంది కాబట్టి చోటు కలిసొస్తుంది. మాటను జంట చేస్తే చప్పుడు సాగుతోందని అర్థం. ఒక్క చుక్కకి ‘టుప్’, వాన చినుకులకి ‘టుప్‌టాప్’. ఒక్క క్షణాన్ని చూపే గడిలో జంట మాట రాస్తే బొమ్మ, శబ్దం రెండూ పొసగవు.

వస్తువుల చప్పుడు బొమ్మ మీదే పెద్ద అక్షరాల్లో ఉండాలి. నోటి చప్పుడు మాత్రం బెలూన్‌లోకి వెళ్తుంది. ‘ధుత్’ అంటే విసుగు, ‘ఇస్’ అంటే అయ్యో, ‘భ్యాఁ’ అంటే చంటిపిల్లాడి ఏడుపు. ఒక్కోటీ ఒక వాక్యం పని చేస్తుంది.

ఇంకొకటి, చిన్న బెలూన్‌లో జోడక్షరాలు ముద్దగా అచ్చవుతాయి. ‘శ్రేష్ఠ’ బదులు ‘సేరా’ రాయి, అర్థం అదే. ఉకారం అక్షరం కిందికి, చంద్రబిందువు పైకి వెళ్తాయి కాబట్టి రెండు లైన్ల మధ్య కాస్త ఎక్కువ ఖాళీ ఉంచమని లెటరింగ్ చేసే అతనికి చెప్పు. పేజీని అచ్చయ్యే సైజులోనే ప్రింట్ తీసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదువు.

ముందు మూడో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు.

ఖరగ్‌పూర్ నుంచి,
మీ అక్క