బండి వెనక కూర్చున్నోళ్ళకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

"మా నాన్న ఫ్రెండ్ బండి మీద వెనక కూర్చుని ఒంగోలు పోతా ఉంటే బండి స్కిడ్ అయి పడ్డారు, నాన్నకి తొడ ఎముక విరిగింది. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది. కానీ కంపెనీ వాళ్ళు మీకు రాదు అంటున్నారు. నడిపింది నాన్న కాదు, బండి నాన్నది కాదు, మరి ఆయన థర్డ్ పార్టీ కాదా?"

మాటని బట్టి చూస్తే మీరు అన్నది కరెక్టే అనిపిస్తది, నేనూ అట్నే అనుకున్నా. కానీ మా ఇంట్లో జరిగింది చూశాక తెలిసింది కథ వేరే అని.

మా బావమరిది సింగరాయకొండ దగ్గర బండి మీద పోతా ఉన్నాడు, వెనక మా ఆవిడ వాళ్ళ చిన్నాయన. రోడ్డు దాటతా ఉన్న కూరగాయలమ్మే ఆవిడని గుద్దేశాడు. ఆవిడకి కాలు విరిగింది, చిన్నాయనకి భుజం ఎముక. ఒకే బండి, ఒకే యాక్సిడెంటు, ఒకే పాలసీ. ఇద్దరూ ఒంగోల్లో, యాక్సిడెంటు నష్టపరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్లో కేసేశారు. ఆవిడకి కంపెనీ కట్టింది, చిన్నాయనకి కట్టలా.

ఎందుకంటే మావాడు పాత బండి గదా అని ఆన్‌లైన్లో అన్నిటికన్నా తక్కువ రేటుది కొట్టాడు, 714 రూపాయలు ప్లస్ జీఎస్టీ. అది 'లయబిలిటీ ఓన్లీ' పాలసీ, అంటే చట్టం తప్పనిసరిగా కట్టమన్నంత వరకే. ఆ చట్టం ప్రకారం రోడ్డు మీద పోయే మనిషి, ఎదురు బండిలో ఉన్నోళ్ళు కంపల్సరీగా కవర్ అవుతారు. మన బండి వెనక ఊరికే ఎక్కించుకున్న మనిషి మాత్రం కాడు, టూ వీలర్ వెనక కూర్చున్నోళ్ళ విషయంలో ఇదే మాట 2006లో సుప్రీంకోర్టు చెప్పేసింది. అదే ఫుల్ పాలసీ, వాళ్ళు ప్యాకేజ్ లేదా కాంప్రహెన్సివ్ అంటారే, అదైతే వెనక కూర్చున్నోళ్ళకి, కార్లో కూర్చున్నోళ్ళకి కూడా కంపెనీయే కట్టాల. 2009లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏ ఈ సంగతి సర్క్యులర్‌గా రాసి పంపింది, 2012లో సుప్రీంకోర్టు దాన్నే పట్టుకుని తీర్పిచ్చింది. అందుకని మీరు చూడాల్సింది 'థర్డ్ పార్టీ' అన్న మాట కాదు, ఆ బండి పాలసీ కాగితంలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే సొంత బండి నష్టానికి కట్టే డబ్బు, అనే లైన్లో అంకె ఉందా సున్నా ఉందా అని. అంకె ఉంటే ఫుల్ పాలసీ, సున్నా అయితే ఉత్త లయబిలిటీ. ఫ్రెండ్ 'ఇన్సూరెన్స్ ఉంది' అంటే సరిపోదబ్బా, కాగితం అడిగి చూడండి.

ఆ కూరగాయలావిడ లెక్క ఎట్టొచ్చిందో చెప్తా, అందరూ కంపెనీ ఏదో దయ తలచి ఇస్తదనుకుంటారు గానీ దానికి ఒక పద్ధతుంది. వయసు 52, సంపాదన నెలకి 9,000 అని కోర్టు పట్టింది, భవిష్యత్తులో పెరుగుదల కింద 10 శాతం కలిపితే 9,900, సంవత్సరానికి 1,18,800. ఆ వయసుకి మల్టిప్లయర్, అంటే వయసుని బట్టి ఏడాది సంపాదనని ఎన్నింతలు చెయ్యాలో చెప్పే అంకె, 11, దాంతో గుణిస్తే 13,06,800. సంపాదన మీద పడే వైకల్యం 20 శాతం అన్నారు కాబట్టి 2,61,360. దీనిపైన బిల్లులున్న ఆసుపత్రి ఖర్చు, నొప్పికి ఇంకొంత, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ. డాక్టరు సర్టిఫికెట్లో 35 శాతం రాసిచ్చాడు, కానీ అది కాలికి, మనిషి పనికి ఎంత దెబ్బ అనేది కోర్టు విడిగా చూస్తది, ఇక్కడే చానా మంది లెక్క తప్పుతారు. థర్డ్ పార్టీ మనిషికి గాయమైతే కంపెనీ ఇచ్చేదానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు, ఆస్తి నష్టానికే ఉంటది.

చిన్నాయన కేసులో కోర్టు కంపెనీని తప్పించి, మా బావమరిదే కట్టాలని రాసింది. అన్న కొడుకు మీద డిక్రీ, ఆయనేం వసూలు చేస్తాడు చెప్పండి, కాగితం బీరువాలో పడుంది.

మీ నాన్న సంగతికొస్తే, పాలసీ ఫుల్లయితే కంపెనీ 'రాదు' అన్నదాన్ని పట్టించుకోకుండా కేసేయండి. ఉత్త లయబిలిటీ అయితే నడిపినాయన మీదే క్లెయిమ్, దానికీ ఆయన అజాగ్రత్తగా నడిపాడని చూపించాల. ఒకటి మాత్రం కచ్చితంగా చూసుకోండి, ఆసుపత్రి రిజిస్టర్లో, ఎఫ్‌ఐఆర్‌లో ఏం రాసుందో. ఫ్రెండ్‌కి ఇబ్బంది ఎందుకని 'తనే జారి పడ్డాడు' అని రాయిస్తే తర్వాత లాయరు కూడా ఏం చెయ్యలేడు. ఒకవేళ స్కిడ్ అయింది ఏదో లారీ అడ్డమొచ్చి అయితే ఆ లారీకి మీ నాన్న నికార్సైన థర్డ్ పార్టీ, ఆ లారీ పాలసీ మీద అడగొచ్చు, అప్పుడు ఈ బండి పాలసీ ఏదనేది అడ్డం రాదు. యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపే పిటిషన్ పడేట్టు చూసుకోండి, 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆ గడువు పెట్టారు.