పక్క సీటులో ఎవరు కూర్చుంటారు?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు లెర్నర్ లైసెన్సు వచ్చిందని, ఆదివారం నుంచి అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని కారు నేర్చుకుంటావని మీ అమ్మ చెప్పింది. స్టీరింగు ముట్టుకోవడానికే జంకే పిల్లవి, నీ అంతట నువ్వే దరఖాస్తు పెట్టుకున్నావని విని పొంగిపోయాను. పక్కన కూర్చునేది అన్నయ్య అనగానే మాత్రం గుండె గుభేలుమంది. వాడు బాగానే నడుపుతాడు, కాని నడపడం వేరు, నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చోవడం వేరు.

ఎల్ బోర్డు సంగతి తేలిక. 18 సెంటీమీటర్లకు తగ్గని తెల్లని చదరం మీద కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తున ఎర్రని ఎల్ అక్షరం, ముందూ వెనకా ఉండాలి. రంగు అద్దం లోపలివైపు అంటిస్తే బయటివాళ్లకు కనబడదు. అన్నయ్య ఒక్కడే నడిపేటప్పుడు తీసేయమను.

అసలు విషయం పక్కవాడిది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో మూడో నియమం, పక్కనున్న వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలని చెప్పి ఊరుకోదు. బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట అతను కూర్చుని ఉండాలంటుంది. ఈ రెండో భాగాన్ని చాలామంది చదవరు. మీ బాబాయి కారు నేర్చుకునే రోజుల్లో అతని స్నేహితుడొకడు పక్కన కూర్చునేవాడు. మనిషి నెమ్మది, చేయి తిరిగిన డ్రైవరు. ఒక సాయంత్రం వాలుగా ఉన్న ఇరుకు చోటు నుంచి కారును రివర్సులో బయటికి తీయాల్సి వచ్చింది. వెనక గోడ ఎంత దూరంలో ఉందో చూసి చెబుతానంటూ ఆ స్నేహితుడు దిగి, సరిగ్గా కారుకూ గోడకూ మధ్య నిలబడి 'రా, రా' అని చేయి ఊపడం మొదలుపెట్టాడు. కారు అనుకున్నదానికన్నా వేగంగా వెనక్కి జారింది. మీ బాబాయి కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కాడు. ఆ మనిషి పక్కకు దూకబట్టి బతికాడు. డిక్కీ మాత్రం గోడకు నొక్కుకుపోయింది. అతను లోపలే కూర్చుని ఉంటే చేతికందే హ్యాండ్ బ్రేకు లాగేవాడు, కనీసం 'కాలు తియ్యి' అని చెవిలో అరిచేవాడు. సాయం చేద్దామని దిగిన క్షణంలోనే ఆ కారులో నేర్పేవాడు లేకుండా పోయాడు. బీమా వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: ఆ సమయానికి పక్క సీటులో ఎవరున్నారు?

కనుక దారి చూపడానికి మనిషి కావాలంటే మూడోవాడిని పిలవండి, అతను కూడా కారు వెనక కాకుండా పక్కగా, నీకు అద్దంలో కనబడేలా నిలబడాలి. ఎవరూ దొరకకపోతే నువ్వే దిగి అన్నయ్యకు స్టీరింగు ఇచ్చేయి. అందులో నామోషీ ఏమీ లేదు.

డ్రైవింగ్ స్కూలు కారులో పక్కవాడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. మీ కారులో అది లేదు, అన్నయ్యకు దిక్కు హ్యాండ్ బ్రేకు ఒక్కటే. మధ్యలో లివరు ఉంటే దాని మీద ఉన్న బొత్తాన్ని నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగడం ఖాళీ స్థలంలో ముందే సాధన చేయమను. ఒక్కసారిగా గుంజితే వెనక చక్రాలు బిగుసుకుని కారు అడ్డం తిరుగుతుంది. కొత్త కార్లలో లివరు బదులు స్విచ్ ఉంటుంది, కొన్నింటిలో అది డ్రైవరుకు అవతలి పక్కన ఉండి పక్కవాడికి అందనే అందదు.

అన్నయ్యకు లైసెన్సు వచ్చి ఏడాదేగా? మన నియమం అభ్యంతరం చెప్పదు. బ్రిటన్‌లో అయితే పక్కన కూర్చునేవారికి 21 ఏళ్లు నిండి, లైసెన్సు వచ్చి మూడేళ్లు కావాలి. చేతిలో ఫోన్ పట్టుకుని వాడటం నడిపేవారికి ఎలా నేరమో వారికీ అలాగే నేరం. నాకు ఆ పద్ధతే సబబు అనిపిస్తుంది. ఫోన్ చూసేవాడు పక్కన ఉన్నా లేనట్టే.

ఇక పెద్ద రోడ్లు. బ్రిటన్‌లో 2018 జూన్ 4 వరకు నేర్చుకునేవాళ్లను మోటార్‌వే ఎక్కనివ్వలేదు, ఇప్పుడు కూడా గుర్తింపు పొందిన శిక్షకుడితో, రెండు వైపులా బ్రేకులున్న కారులోనే రానిస్తారు. అక్కడ ఆగి ఆలోచించుకునే వీలుండదు, ఎక్కేటప్పుడే మిగతా బళ్ల వేగం అందుకోవాలి. మన దగ్గర అడ్డగించే బోర్డు లేకపోయినా నువ్వు ఇప్పుడే ఎక్స్‌ప్రెస్ వే జోలికి పోవద్దు. ఫోన్‌లో దారి చూపే యాప్‌లో హైవేలు వద్దనే ఎంపిక ఉంటుంది, బయల్దేరే ముందే పెట్టుకో. పొరపాటున ఎక్కేశావా, ఆగకు, వెనక్కి రాకు. ఎడమ వరుసలో ఉండి తర్వాతి దారిలో దిగిపో. ఇది చదివి మళ్లీ భయపడకు తల్లీ, నిన్ను మానమని కాదు నేను రాస్తున్నది.

ఆదివారం లోపు కారు కదపకుండా ఒక పని చేయండి. అన్నయ్య పక్క సీటులో బెల్టు పెట్టుకుని, నడుము వంచకుండా హ్యాండ్ బ్రేకు అందుకుని పూర్తిగా లాగగలడో లేదో చూసి నాకు చెప్పు. అందకపోతే నేర్చుకోవడం స్కూలు కారులోనే, ఆ ఫీజు నేను కడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న