పాటకు అనుమతి ఉంది, మరి గొంతుకు?

ప్రశ్న: మా లఘుచిత్రంలోని పాటకు రచయిత, సంగీత దర్శకుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాం. దాన్ని ఒక ప్రసిద్ధ గాయకుడి గొంతుతో ఏఐలో పాడించాం. యూట్యూబ్‌లో ‘ఇది ఏఐ స్వరం’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీ చేతిలో ఉన్న అనుమతి సాహిత్యానికి, బాణీకి మాత్రమే చెల్లుతుంది. గొంతుకు కాపీరైట్ లేదన్నది నిజమే కానీ, ప్రసిద్ధ వ్యక్తుల పేరు, రూపం, స్వరాలపై వారికి విడిగా హక్కు ఉంటుందని పలు దేశాల న్యాయస్థానాలు గుర్తించాయి.

ఈ పేచీ ఏఐ కంటే పాతది. 1980లలో ఫోర్డ్ కార్ల ప్రకటన కోసం ఒక ఏజెన్సీ ఒక పాట హక్కులను సక్రమంగానే కొన్నది. దాన్ని పాడేందుకు గాయని బెట్ మిడ్లర్ ఒప్పుకోకపోవడంతో, గతంలో ఆమె వెనుక కోరస్ పాడిన గాయనిని పిలిపించి, వీలైనంత వరకు మిడ్లర్‌లాగే పాడమన్నారు. పాటకు అనుమతి ఉన్నంత మాత్రాన గొంతును అనుకరించి సరుకు అమ్ముకోవడం కుదరదని 1988లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆ తీర్పు వాణిజ్య ప్రకటనకు సంబంధించినది కాబట్టి మీ చిత్రానికి యథాతథంగా వర్తించకపోవచ్చు. అయితే 2024లో బాంబే హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే ఏఐ సాధనాల విషయంలో ఆయనకు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

శైలి సంగతి వేరు. ఒక గాయకుడి గమకాలు, విరుపులు నచ్చి ఆ ధోరణిలో మరొకరి చేత పాడించుకుంటే సాధారణంగా కాపీరైట్ అడ్డురాదు. కానీ మీరు ఏఐకి ఆయన పేరే టైపు చేసి, ఆయన పాటల ముక్కలనే నమూనాగా ఎక్కించి ఉంటే, అది శైలి కాదు, అనుకరణే. ఆ ముక్కలు ఆడియో కంపెనీ రికార్డింగులైతే వాటి కాపీరైట్ మరో చిక్కు.

అప్‌లోడ్ చేసేటప్పుడు Altered content అనే చోట Yes ఎంచుకోవడం మాత్రం తప్పనిసరి అనుకోండి. అది ప్రేక్షకుడికి నిజం చెప్పడమే తప్ప, గాయకుడి సమ్మతికి బదులు కాదు. పైగా వీడియోను ఎవరైనా దించుకొని మరోచోట పెడితే ఆ లేబుల్ వెంట రాదు కాబట్టి, పాట మొదలయ్యేటప్పుడు తెరపైనే ఒక వాక్యం వేయండి.

ఆయన్ను అడిగే ఉద్దేశం ఉంటే, ఏ చిత్రానికి, ఏ వేదికలపై, ఎంతకాలం, పని ముగిశాక స్వర నమూనాను చెరిపేస్తారా అన్నవి ఒప్పందంలో రాయించండి. నా మాట అడిగితే, వర్ధమాన గాయకుడితో పాడించుకోవడమే తేలిక. అనుమతి లేకుండానే పెట్టాక ఆయన గోప్యత ఫిర్యాదు చేస్తే, యూట్యూబ్ మీకు సాధారణంగా 48 గంటలు ఇస్తుంది. ఆ లోపు ఆ భాగాన్ని తొలగించాలి, వీడియోను ‘ప్రైవేట్’గా మార్చి ఊరుకుంటే కుదరదు.