500 వాట్ల బల్బుకు లొంగని జింకు రేకు

ప్రశ్న: కాంతి తీవ్రత పెంచితే తరంగం శక్తి పెరుగుతుంది కదా? మరి లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఎందుకు బయటికి రావు? హ్యాండౌట్‌లో కాంతి విద్యుత్ ఫలితం నియమాలు ఉన్నాయి, కారణం మాత్రం అర్థం కాలేదు.

నియమాలు వరుసగా రాసేసి, కింద ఐన్‌స్టీన్ సమీకరణం అతికించే హ్యాండౌట్లంటే నాకు చదువుకునే రోజుల నుంచీ ఒళ్లుమంట. నాకు ఈ సంగతి తలకెక్కింది ఒక జింకు రేకు వల్ల.

డిగ్రీలో ఉండగా విద్యుద్దర్శిని మీద జింకు రేకు పెట్టి రుణావేశం ఇచ్చాం. లోపలి బంగారు రేకు విచ్చుకుని నిలబడింది. ఎలక్ట్రాన్లు బయటికి పోతే అది వాలిపోవాలి. 500 వాట్ల బల్బును దగ్గరగా పెట్టి పావుగంట చూశాం. చెమటలు పట్టింది మాకే, బంగారు రేకు కదలలేదు. తరువాత నీటిని శుద్ధి చేసే యంత్రంలోని చిన్న అతినీలలోహిత దీపం తెచ్చాం. దానికీ కదలలేదు! అందరం మొహాలు చూసుకుంటుంటే, ల్యాబ్ అటెండరు గారు జింకును ఎమరీ పేపరుతో రుద్దమన్నారు. పైనున్న ఆక్సైడ్ పొరే అడ్డమట. రుద్ది మళ్లీ ఆవేశం ఇచ్చి దీపం వేయగానే బంగారు రేకు వాలిపోవడం మొదలైంది. మధ్యలో గాజు పలక పెడితే ఆగింది, తీస్తే మళ్లీ వాలింది. ఈ ఎమరీ పేపరు ముక్క ఏ హ్యాండౌట్‌లోనూ ఉండదు. అన్నట్టు ఆ దీపాన్ని నేరుగా చూడకండి, కళ్లు మండిపోతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. జింకు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి దాదాపు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక ఫోటాన్ శక్తి, అంటే కాంతిలోని ఒక్కో శక్తి పొట్లం ఎంతదో, అవే ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. కంటికి కనిపించే కాంతిలో అన్నిటికన్నా బలమైన ఊదారంగుకు, అంటే 400 నానోమీటర్ల దగ్గర, అది 3.1 మాత్రమే. మా చిన్న దీపం ఇచ్చే 254 నానోమీటర్ల కాంతికి 4.9. గాజు పలక మింగేసింది ఆ కాంతినే.

కాంతి కేవలం తరంగమే అయితే శక్తి ఎడతెగకుండా వచ్చి పడుతుంది. ఎలక్ట్రాన్ దాన్ని కొంచెం కొంచెంగా కూడబెట్టుకుని, పావుగంటలో కాకపోతే గంటకైనా బయటపడాలి. పెద్ద బల్బుకైతే ఇంకా త్వరగా. అలా జరగలేదంటే ఎలక్ట్రాన్ ఒకసారికి ఒక్క ఫోటాన్‌నే మింగుతోందన్నమాట. అది చాలకపోతే ఆ శక్తి రేకును వేడెక్కించడానికే పోతుంది, తరువాతి ఫోటాన్ కోసం నిల్వ ఉండదు. తీవ్రత పెంచితే పెరిగేది ఫోటాన్ల సంఖ్యే, ఒక్కో ఫోటాన్ శక్తి కాదు. చాలా బలమైన లేజరుతో ఒకేసారి రెండు ఫోటాన్లు మింగించవచ్చు, కానీ మన బల్బులకు అంత శక్తి లేదు.

హ్యాండౌట్లు కాంతి పడిన వెంటనే ఎలక్ట్రాన్ వస్తుంది, ‘ఆలస్యం లేదు’ అన్న నియమాన్ని నెత్తిన పెట్టుకుంటాయి గానీ, సెకనులో వందకోట్లవ వంతును ఏ విద్యార్థి కొలిచి చూడగలడు? నన్నడిగితే ఆరంభ పౌనఃపున్యం, అంటే అంతకన్నా తక్కువైతే ఎంత కాంతి పడినా ఎలక్ట్రాన్ రాని హద్దు, అదొక్కటే చాలు. మా సారు మాత్రం పరీక్షలో ఐదు నియమాలూ రాయలేదని నాకు సగం మార్కులే వేశారు.