బిగుతైన పెళ్లి మగ్గం బ్లౌజ్‌ను మళ్లీ వాడటం

"నా పెళ్లి మగ్గం బ్లౌజ్ ఇప్పుడు ఛాతీ దగ్గర 2 అంగుళాలు బిగుతు. మా చెల్లి నిశ్చితార్థానికి వేరే చీర మీద వేసుకోవాలని ఉంది. కుదురుతుందా?"

కుదురుతుందండీ. ముందు బ్లౌజ్ తిరగేసి చంకల కింద కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. ముందు భాగంలోనూ వెనక భాగంలోనూ అంగుళం చొప్పున ఉంటే చాలు. పాత కుట్టు విప్పి ఒక్కోదాంట్లోంచి అర అంగుళం బయటికి వదిలితే రెండు పక్కలా కలిపి మీకు కావలసిన 2 అంగుళాలు వచ్చేస్తాయి. పాత కుట్టు గీత కొంచెం కనిపిస్తుంది, కానీ చంక కింద ఎవరు చూస్తారు!

లోపల గుడ్డ లేకపోతే అదే రంగు రాసిల్క్‌తో రెండు పక్కలా పట్టీ వేయించాలి. కుట్టాక అంగుళం వెడల్పు రావాలంటే 2 అంగుళాల పట్టీ కత్తిరించాలి. చేతులు కూడా బిగుతైతే ఆ పట్టీనే చేతి కింది అంచు వరకూ పొడిగించమనండి. నాది అలాగే చేయించాను.

ఒక్క జాగ్రత్త. వర్క్ ఉన్న చోట కత్తెర పెట్టనివ్వకండి. మగ్గం కుట్టు గొలుసులా ఉంటుంది కాబట్టి తెగిన చోటు నుంచి దారం వరసగా ఊడి, పూసలు రాలిపోతాయి. తప్పదనుకుంటే ముందే మగ్గం పనివాళ్లతో వెనకవైపు ముడులు వేయించండి. కుట్టు పడే చోట పూసలుంటే తీసేయాలి, లేకపోతే మిషన్ సూది విరుగుతుంది.

చీర మాత్రం సన్నంచు ప్లెయిన్‌ది తీసుకోండి. పెద్దంచు పట్టుచీరైతే మళ్లీ పెళ్లికూతురిలాగే కనిపిస్తారు, మీ చెల్లి ఊరుకోదు!